శిక్ష దగ్గర క్లుప్తం వద్దు

ఈ వారం మాక్లూర్‌లో నా మనసుకు బాగా నచ్చిన పని మా వాడకట్టు అమ్మాయి ఒకామె చేసింది. డిగ్రీ రెండో ఏడాది చదువుతూ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు హాస్టల్‌లో ఉంటుంది. ఈసారి అదే హాస్టల్‌కు మన మండలం నుంచి ఇంకొందరు ఆడపిల్లలు పోతున్నారు. వాళ్ల కోసం నోటీసు బోర్డు మీది నిబంధనలను ఫోన్‌తో ఆరు ఫొటోలు తీసి, చదివి, ఒక్క పేజీలో తెలుగులో రాసి వాట్సాప్‌లో పెట్టింది. మూడే భాగాలు: చేయొచ్చు, చేయకూడదు, చేస్తే శిక్ష.

ఈ కాలమ్‌ను ఎప్పటినుంచో చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. మామూలు మనిషికి ఇచ్చే ఏ కాగితమైనా ఒక్క పేజీలో, వాడుక మాటల్లో ఉండాలి. బ్యాంకు కాగితం, బీమా కాగితం, ఆస్పత్రి కాగితం, అన్నిటి మీదా నాది అదే గొడవ. నా నమూనా కూడా మీకు తెలిసిందే: పసుపు అమ్మిన రైతుకు నిజామాబాద్ యార్డులో చేతికొచ్చే తక్‌పట్టీ. మా బాపు ఆ చీటీని అక్కడే చెట్టు కింద నిలబడి చదివేవాడు. కొమ్ము ఎన్ని బస్తాలు, మండ ఎన్ని, తూకం ఎంత, ధర ఎంత, హమాలీకి ఎంత కోశారు, దడ్వాయికి ఎంత కోశారు. ఒక్కో పద్దు మీద వేలు పెట్టి, నోట్లో లెక్క కట్టుకుని, ఆఖరి అంకె సరిపోయిందంటేనే చీటీ మడిచి జేబులో పెట్టేవాడు. సరిపోకపోతే అడ్తి దుకాణానికి మళ్లీ పోయేవాడు. అంత చిన్న చీటీతో అంత ధీమాగా అడగొచ్చని నేను నేర్చుకున్నది అక్కడే.

కాబట్టి ఈ అమ్మాయి పేజీ చూడగానే మెచ్చుకుంటూ నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఇంతలో, ఈ ఏడాదే హాస్టల్‌కు పోతున్న మరో పిల్ల వాళ్ల అవ్వతో కలిసి మా ఇంటికొచ్చింది. మాటల్లో మాటగా అంది: "సాయంత్రం లేటయితే సీటు పోతదంట పెద్దబాపూ. గట్లయితే ఆ రాత్రికి ఎవలన్న ఫ్రెండ్ రూంల పండుకొని పొద్దుగాల్ల పోతా."

ఆ మాట విన్నాక ఫొటోలు తెప్పించుకుని, పేజీని పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం పోల్చి చూశాను.

అసలు కాగితంలో పద్నాలుగో నిబంధన ఇలా ఉంది. సాయంత్రం 6:30కు లోపల ఉండాలి. మొదటిసారి ఆలస్యమైతే రిజిస్టర్‌లో రాసి ఇంటికి ఫోన్ చేస్తారు. రెండోసారి 200 రూపాయల జరిమానా. మూడోసారి హాస్టల్ కమిటీ ముందుకు పిలుస్తారు, సీటు రద్దు 'చేయవచ్చు'. పైగా బస్సు, రైలు ఆలస్యమైతే ముందే వార్డెన్‌కు ఫోన్ చేసి చెప్పినవాళ్లకు ఇవేవీ వర్తించవని చివర్లో ఒక వాక్యం ఉంది. మన పేజీలో ఇదంతా ఒక్క ముక్క అయింది: 'లేట్ అయితే సీటు క్యాన్సిల్.' రాసిన అమ్మాయి ఉద్దేశం మంచిదే, పిల్లలు జాగ్రత్తగా ఉండాలనుకుంది. కానీ నాలుగు మెట్లున్న చోట ఆఖరి మెట్టు ఒక్కటే మిగిలింది. దాన్ని చదివిన పిల్ల, ఏడు గంటలకు గేటు దగ్గరికొచ్చి రిజిస్టర్‌లో పేరు రాసి లోపలికి పోవాల్సింది పోయి, రాత్రంతా బయట ఉండటమే నయమనుకుంది. ఏ ఆపద రాకూడదని ఆ నిబంధన పెట్టారో, దాని సారాంశమే పిల్లను ఆ ఆపదలోకి పంపుతుంది.

మిగతా తేడాలు ఎక్కడ పుట్టాయో వెతికితే, కొన్ని ఫొటోలోనే ఉన్నాయి. బోర్డుకు అద్దం ఉంది. దాని మీద ట్యూబులైటు మెరుపు పడి పదిహేడో నిబంధన రెండో వరుస తెల్లగా పోయింది. నాలుగో ఫొటోలో కాగితం అడుగు అంచు తెగింది. అక్కడ 'అతిథులు గదుల్లోకి రాకూడదు' అన్నంతవరకే కనిపిస్తోంది. వాక్యం అక్కడితో ఆగలేదు, చుక్క లేదు. తర్వాతి ఫొటో కొత్త నిబంధనతో మొదలవుతోంది. మధ్యలో 'వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా' లాంటి మాట ఉందో, 'తల్లి తప్ప' అని ఉందో మనకు తెలియదు. ఇలాంటి చోట ఊహించి పూరించకూడదు. 'ఈ వరుస ఫొటోలో లేదు, వార్డెన్‌ను అడగాలి' అని రాయాలి. ఫొటో తీసేటప్పుడే లైటు ఆపి, పగటి వెలుగులో, కాస్త పక్కకు జరిగి తీయాలి. ఒక్కో ఫొటోలో కాగితం నాలుగు మూలలూ, పేజీ అంకె, కింద తేదీ, సంతకం పడాలి. తేదీ పడకపోతే అవి ఈ ఏటి నిబంధనలో పోయినేటివో చెప్పలేం.

ఇంకో తేడా అంకెల దగ్గర పుట్టింది. ఫొటోలోంచి అక్షరాలు లాగే సదుపాయం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది, ఆ అమ్మాయి కూడా అదే వాడింది. దానితో ఒక చిక్కుంది. రూపాయి గుర్తును అది చాలాసార్లు 7 అనో 2 అనో చదువుతుంది. 500 పక్కన పెట్టే గీతలను 1 అనుకుంటుంది. గదిలో కెటిల్ దొరికితే జరిమానా 7500 అని పేజీలో ఉన్నది అందుకే. ఫొటోలో ఉన్నది 500. అందుకని డబ్బు, సమయం, తేదీ, ఫోన్ నంబరు, ఈ నాలుగూ ఫోన్ లాగిన అక్షరాల నుంచి కాక కంటితో ఫొటో చూసి ఎక్కించుకోవాలి. ఒక జరిమానా మిగతా వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తే, అది అనుమానించాల్సిన అంకె.

మూడు భాగాల్లో పట్టని నిబంధనలు కూడా ఉన్నాయి. ఇస్త్రీపెట్టె సంగతే చూడండి. గదిలో పెట్టుకోకూడదు, కింది అంతస్తులో ఇస్త్రీ కోసం ఇచ్చిన గదిలో వాడుకోవచ్చు. ఇది 'చేయకూడదు'లో మాత్రమే పడింది. అంటే పిల్ల ఇంటి నుంచి ఇస్త్రీపెట్టె తీసుకుపోదు, ఇస్త్రీ గది ఉందనీ తెలుసుకోదు. ఆదివారం బయటికి పోవడం 'చేయొచ్చు'లో పడింది. మొదటి ఏడాది పిల్లలకు తల్లిదండ్రుల నుంచి ముందే మెసేజ్ రావాలన్న షరతు జారిపోయింది. అందుకే నాలుగో భాగం ఒకటి తప్పదు: 'అడిగి చేయొచ్చు'. ఆ భాగంలో ప్రతి వరుసకూ ఎవరిని అడగాలి, ఎప్పటిలోగా అడగాలి, నోటితో చెబితే సరిపోతుందా, కాగితం ఇవ్వాలా అన్నవి ఉండాలి. కాగితంలో అసలు మాటే లేని సంగతిని, ఉదాహరణకు స్కూటీ తెచ్చుకోవడాన్ని, 'చేయొచ్చు'లో వేయకూడదు. రాయలేదంటే ఒప్పుకున్నట్టు కాదు.

ఇక ర్యాగింగ్ వరుస. పేజీలో 'ర్యాగింగ్ చేయకూడదు, చేస్తే జైలు' అని ఉంది. కాగితంలో ఇరవై మూడో నిబంధన 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టాన్ని ప్రస్తావించి వదిలేసింది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. అందులో శిక్షలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఏడిపించడం, అవమానించడం స్థాయిలో ఉంటే ఆరు నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చేయి చేసుకుంటే, బెదిరిస్తే ఏడాది వరకు. కదలకుండా నిర్బంధించినా, దెబ్బలు తగిలేలా చేసినా రెండేళ్ల వరకు. తీవ్రంగా గాయపరిస్తే ఐదేళ్ల వరకు. చావుకు కారణమైతే యావజ్జీవం దాకా పోతుంది. జైలు శిక్ష పడిన విద్యార్థిని కాలేజీ నుంచి తీసేస్తారు. ఆ శిక్ష ఆరు నెలలు దాటితే మరే విద్యాసంస్థలోనూ చేర్చుకోరు.

అయితే ఈ పేజీ చదివేది ఎవరు? ఇప్పుడే చేరుతున్న పిల్లలు. వాళ్లు ర్యాగింగ్ చేసేవాళ్లు కాదు, పడేవాళ్లు. వాళ్లకు కావాల్సింది 'చేస్తే జైలు' కాదు. పేరు చెప్పించి, పాట పాడించి, అందరి ముందూ చిన్నబుచ్చడం కూడా ఆ చట్టంలో మొదటి మెట్టు కిందికి వస్తుందని తెలియాలి. ఫిర్యాదు అందాక సంస్థ అధిపతి చర్య తీసుకోకుండా ఊరుకుంటే, ఆ నేరానికి తోడ్పడినట్టే చట్టం లెక్కేస్తుందని తెలియాలి. ఆ ధైర్యంతోనే పిల్ల ప్రిన్సిపాల్ గది తలుపు తడుతుంది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం కాలేజీ కూడా సస్పెన్షన్, హాస్టల్ నుంచి పంపడం, ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్ల వరకు బహిష్కరణ లాంటివి విధించవచ్చు. చేసినవాళ్లెవరో తేలకపోతే ఉమ్మడి శిక్ష కూడా ఉంటుంది. అంటే చూస్తూ ఊరుకున్న గదికి కూడా ఆ సెగ తగలొచ్చు. ఇది కొత్తవాళ్లకన్నా పాతవాళ్లు ముందు తెలుసుకోవాలి.

ఇవన్నీ కలిపి ఆ అమ్మాయీ నేనూ పేజీని తిరిగి రాశాం. పద్ధతి సులువైనదే. ప్రతి వరుస పక్కన అసలు కాగితంలోని నిబంధన అంకె వేయాలి. ఒక నిబంధనలో రెండు సంగతులుంటే రెండు వరుసలు చేసి రెండింటికీ అదే అంకె ఇవ్వాలి. అంతా రాశాక వెనక్కి లెక్క చూడాలి. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా ప్రతి అంకె పేజీలో ఎక్కడో కనిపించాలి. కనిపించని అంకె అంటే జారిపోయిన నిబంధన. మొదట రాసిన పేజీని ఇలా చూస్తే జారినవాటిలో ఒకటి అసలు జారకూడనిది: గది ఖాళీ చేసేటప్పుడు కాషన్ డిపాజిట్ తిరిగి తీసుకోవడానికి ముందే రాసివ్వాల్సిన దరఖాస్తు. అది చేయొచ్చూ కాదు, చేయకూడదూ కాదు, చేయాల్సిన పని. దాన్ని పేజీ కింద 'తప్పక చేయాల్సినవి' అని విడిగా పెట్టాం.

అప్పటికి పేజీ ఒకటి కాదు, రెండున్నర అయింది. నేనే ఒప్పుకున్నాను, ఇష్టంగానే ఒప్పుకున్నాను. తక్‌పట్టీ గొప్పదనం దాని పొట్టిదనంలో లేదు. కోత పడిన ప్రతి పైసా విడి పద్దులో ఉంటుంది కాబట్టే మా బాపు దాని మీద వేలు పెట్టి అడగగలిగాడు. హాస్టల్ నిబంధనల్లో 'చేయొచ్చు', 'చేయకూడదు' ఎంత కుదించినా ఫర్వాలేదు. కెటిల్, హీటర్ రాడ్డు, ఇండక్షన్ స్టవ్ అని మూడు మాటలు చాలు. శిక్షను మాత్రం కుదించకూడదు. మొదటిసారి ఏమిటి, రెండోసారి ఏమిటి, ఎవరు నిర్ణయిస్తారు, 'చేస్తారు' అని ఉందా 'చేయవచ్చు' అని ఉందా, మినహాయింపు ఎవరికి, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు పూర్తిగా రాయాలి.

ఈ నెలలో తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇలాంటి పేజీలు రాసిపెడుతున్న సీనియర్లు మన మండలంలో ఇంకా ఉన్నారు. వాళ్లకు నా విన్నపం ఒకటే. పేజీతో పాటు అసలు ఫొటోలు కూడా పంపండి, ప్రతి వరుసకూ నిబంధన అంకె వేయండి. పేజీ మొదట్లో వార్డెన్ ఆఫీసు నంబరు రాయండి. దాని కింద ర్యాగింగ్ ఫిర్యాదుల జాతీయ హెల్ప్‌లైన్ నంబరు రాయండి: 1800-180-5522. ఆ రెండూ ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే అంత మంచిది.