ఏడు వచ్చింది, ఏడు కావాలి

ఈ వారం నా చిరాకుకు కారణం ఒక వాట్సాప్ మెసేజి. ‘హాయ్ మేడమ్, ఐ గాట్ 7, ఐ నీడ్ 7, ప్లీజ్ హెల్ప్.’ మొత్తం అంతే. సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న మా మేనకోడలు, ఆన్‌లైన్లో ఐఈఎల్‌టీఎస్ చెప్పే కొచ్చి టీచరమ్మకు పంపబోతూ నాకు చూపించింది. ఏడు వచ్చినమ్మాయికి మళ్లీ ఏడు కావడమేమిటి? పక్కనే ఉన్న మా బావగారిదీ అదే ప్రశ్న. ‘ఏడొచ్చిందిగా, ఇంకా దేనికి ఈ ట్యూషన్లు?’ అంటారాయన.

మార్కుల కాగితం తెమ్మన్నాను. లిజనింగ్ 7.5, రీడింగ్ 6.5, రైటింగ్ 6, స్పీకింగ్ 7. నాలుగూ కూడితే 27, సగటు 6.75. ఈ పరీక్షలో సగటును దగ్గర్లో ఉన్న అరకో, పూర్ణాంకానికో సర్దుతారు. 6.75 వస్తే పైకి జరిపి 7 వేస్తారు. అలా మొత్తం స్కోరు 7 పడింది, ఇంట్లో స్వీట్లు పంచారు. కానీ బ్రిటన్‌లో నర్సుల రిజిస్టరు చూసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కు ఆ మొత్తం 7 ఒక్కటీ చాలదు. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింటిలో విడివిడిగా 7, రైటింగ్‌లో 6.5 ఉండాలి. అంటే పిల్ల రీడింగ్‌లో అర, రైటింగ్‌లో అర వెనకబడి ఉంది. మెసేజి అబద్ధం కాదు, కానీ దాన్ని చదివిన టీచరమ్మకు తెలిసేది సున్నా. ఆవిడ ఏం చేస్తుంది? నాలుగు విభాగాలూ ఉన్న పూర్తి బ్యాచ్‌లో కూర్చోబెడుతుంది. బాగా వచ్చిన లిజనింగే వారానికి రెండుసార్లు మళ్లీ వింటూ కూర్చోవాలి.

మా డెల్టాలో ఈ మొదటి పరిచయం ఎప్పుడూ ఇలాగే ఉండేది. బందరులో నేను చదువుకునే రోజుల్లో ట్యూషన్‌కు పిల్లాణ్ణి తండ్రి తీసుకొచ్చేవాడు. పిల్లాడు తండ్రి వెనక, తండ్రి చేతులు కట్టుకుని మాస్టారి అరుగు ముందు. ‘మావాడు ఇంగ్లీషులో వీకండి.’ అంతే, ఇంకో ముక్క ఉండదు. లెక్కల మాస్టారి దగ్గరా అదే మాట, సైన్సు మాస్టారి దగ్గరా అదే మాట. కృష్ణా జిల్లా మొత్తానికి ఒకటే రోగం, దాని పేరు వీకు. మా ఇంగ్లీషు మాస్టారు మాత్రం ఆ మాట విననట్టే ఉండేవారు. తండ్రి వైపు చూడకుండా పిల్లాణ్ణి అడిగేవారు, ‘క్వార్టర్లీ పేపరు తెచ్చావుట్రా?’ తేకపోతే వెనక్కి పంపేసేవారు. తెస్తే దాన్ని మోకాలి మీద పరుచుకుని, మార్కులున్న మూల మడిచేసి, జవాబులు మాత్రం చదివేవారు. కాసేపటికి తేల్చేవారు: ‘వీడికి గ్రామర్ వచ్చు. ప్రశ్న సగం చదివి రాసేస్తున్నాడు.’ ఆ తండ్రికి ఏం అర్థమయ్యేదో గానీ, అరుగు చివర కూర్చుని వింటున్న మాకు వైద్యం తెలిసిపోయేది.

ఆయనకు మూల మడవడం తెలుసు. మా మేనకోడలు ఆ మూల ఒక్కటే చించి కొచ్చికి పంపబోతోంది.

సరే, కూర్చోబెట్టి రాయించాను. మొదటి వాక్యంలో నాలుగు స్కోర్లూ, పరీక్ష అకడమిక్ అని, రాసిన నెలా. రెండో వాక్యంలో ఎవరు అడుగుతున్నారు, దేంట్లో ఎంత. మూడోది తేదీ. ఇక్కడే ఆగాం. సెప్టెంబరు రెండో వారానికి స్లాటు బుక్ చేశానంది. ‘అది పరీక్ష తేదీ, నీకు గడువు తేదీ ఏది?’ అన్నాను. తెల్లమొహం వేసింది. కౌన్సిల్ రెండు పరీక్షల స్కోర్లను కలిపి చూస్తుంది. ఆ రెండింటి మధ్య 12 నెలలు మించకూడదు. పైగా రెండింట్లోనూ రైటింగ్ 6కు, మిగతావి 6.5కు తగ్గకూడదు. ఆరు నెలలుండే ఆ వ్యవధిని 2023లో పన్నెండు చేశారు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, కన్సల్టెన్సీ వాళ్ల నోటిమాట కాక కౌన్సిల్ వెబ్‌సైటే చూసుకోవాలి. పిల్ల మొదటిసారి రాసింది నిరుడు నవంబరులో. అంటే సెప్టెంబరులో రీడింగ్ 7, రైటింగ్ 6.5 తెచ్చుకుని మిగతావి 6.5కు తగ్గకుండా చూసుకుంటే చాలు, నవంబరు నాటి లిజనింగ్, స్పీకింగ్ అక్కరకొస్తాయి. అప్పుడు తప్పినా అక్టోబరు ఉంది. ఈ నవంబరు దాటితే మాత్రం ఆ పాత 7.5 దేనికీ కలవదు. టీచరమ్మకు తెలియాల్సింది ఈ రెండు తేదీలూను.

రీడింగ్ అర బ్యాండు అంటే 40 ప్రశ్నల్లో సుమారు 27 ఒప్పులను 30 చేసుకోవడం. మూడే మూడు జవాబులు. ఎక్కడ పోతున్నాయని అడిగితే వెంటనే చెప్పింది: ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నల్లో. పాఠంలో లేని విషయానికి, తనకు ఆసుపత్రిలో తెలిసిన విషయం తోడు చేసి ఫాల్స్ పెట్టేస్తోంది. ఇదీ మెసేజిలోకి ఎక్కింది.

రైటింగ్ దగ్గర నా పెన్ను బయటకు వచ్చింది. ఈ కాలమ్ చదివేవారికి నా ఎర్ర సిరా సంగతి తెలుసు. పెళ్లి శుభలేఖల్ని కూడా వదల్లేదని నింద ఉంది. ‘లాస్ట్ నవంబర్ ఐ హ్యావ్ రోట్ టెస్ట్’ అని రాసింది పిల్ల. నిరుడు నవంబరులో అయిపోయిన పనికి ‘హ్యావ్’ ఎందుకు? ‘టెస్ట్’ ముందు ఉండాల్సిన ‘ది’ ఏది? ‘దిద్దిపెట్టు మామయ్యా, మొదటి మెసేజిలోనే పరువు పోతుంది’ అంది.

అప్పటిదాకా నా ఉద్దేశమూ అదే. తీరుగా, తప్పుల్లేకుండా, వివరంగా రాసిన ఉత్తరం గురువుకిచ్చే గౌరవమని నా వాదం. కానీ దిద్దితే కొచ్చి టీచరమ్మ చదివేది నా ఇంగ్లీషు. రైటింగ్‌లో ఆరు వచ్చింది నాకు కాదు కదా! క్రియల్లో, ఆర్టికల్స్‌లో జరిగే ఆ తప్పులు పరీక్షలోనూ వ్యాకరణం కింద లెక్కకొచ్చేవే. అవి మెసేజిలోనే కనిపిస్తుంటే టీచరమ్మకు సగం పని అయినట్టే. పెన్నుకు మూత పెట్టేశాను. పైగా నలభై నిమిషాలు గడియారం పెట్టించి రెండో టాస్కు వ్యాసం ఒకటి రాయించి, దిద్దకుండా ఫొటో తీయించి జతచేశాం. మొదటి టాస్కుకు రెట్టింపు విలువ దీనిది. గ్రాఫు వర్ణించే మొదటి టాస్కు మీదే అరగంట కరిగిస్తే, ఉన్న గంటలో దీనికి మిగిలేది అరగంటే. నవంబరులో పిల్ల చేసింది అదేనని ఆ కబుర్లలోనే బయటపడింది. చివర్లో నైటు డ్యూటీల వారాలు కూడా రాసింది.

మర్నాడు జవాబు వచ్చింది. పూర్తి కోర్సు వద్దు, రీడింగ్, రైటింగ్ క్లాసులు చాలు, మిగతా రెండూ చేయి తప్పకుండా ఇంట్లో చూసుకోమని. ఫీజు సగానికి తగ్గింది. ఇన్ని వివరాలు గురువుగారి సౌకర్యం కోసమనుకున్నాను; లాభం మొత్తం శిష్యురాలి పర్సుకు చేరింది. మా బావగారికి మాత్రం కొత్త బెంగ పట్టుకుంది. సగం ఫీజు తీసుకునే టీచరు పూర్తి మార్కులు ఎలా తెప్పిస్తుందని నన్నే అడుగుతున్నారు.