అనాత్మవాదం, హ్యూమ్ సమూహ సిద్ధాంతం: విమర్శనాత్మక పోలిక

బౌద్ధులూ, డేవిడ్ హ్యూమ్ కూడా ఆత్మను నిరాకరించారు కాబట్టి వారి సిద్ధాంతాలు ఒకటేనని విద్యార్థులు తరచుగా రాస్తుంటారు. నిరాకరణ వరకు ఈ మాట సరైనదే. అయితే ఆత్మ లేనప్పుడు ఒక వ్యక్తి అనుభవాలను కలిపి ఉంచేది ఏమిటనే ప్రశ్న దగ్గర ఇద్దరి దారులు వేరవుతాయి.

మొదట పోలికను చూద్దాం. పాళీ గ్రంథం 'మిలింద పఞ్హ'లో నాగసేనుడు రథాన్ని ఉదాహరణగా తీసుకుంటాడు. చక్రం, ఇరుసు, నొగ వీటిలో ఏదీ విడిగా రథం కాదు. ఆ భాగాల కూర్పును బట్టి వ్యవహారంలో ఏర్పడిన పేరే రథం. అలాగే రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం అనే పంచస్కంధాలను బట్టి ఏర్పడిన పేరే 'నాగసేనుడు'. హ్యూమ్ 1739లో వెలువడిన 'ట్రీటైజ్ ఆఫ్ హ్యూమన్ నేచర్'లో దాదాపు ఇదే చెప్పాడు. తనలోకి తాను చూసుకుంటే వేడి, చలి, ప్రేమ, ద్వేషం వంటి ఏదో ఒక అనుభూతే కనబడింది గాని, వాటికి వేరుగా 'నేను' అనేది కనబడలేదు. అందువల్ల మనిషి అంటే ఎడతెగక మారే అనుభూతుల సమూహమే అన్నాడు.

ఇప్పుడు భేదాన్ని చూద్దాం. ఒకడు మరొకరి తోటలో మామిడిపండ్లు దొంగిలించి, "యజమాని నాటిన పండు వేరు, నేను తీసుకున్న పండ్లు వేరు" అని వాదిస్తే శిక్ష తప్పుతుందా? తప్పదని మిలిందుడే ఒప్పుకుంటాడు, ఎందుకంటే ఈ పండ్లు ఆ నాటిన పండు నుంచే వచ్చాయి. కర్మ కూడా అలాంటిదేనని నాగసేనుడి వివరణ. చేసినవాడు, ఫలం పొందేవాడు ఒక్కడే కాకపోయినా, ఇద్దరినీ కార్యకారణ ప్రవాహం కలుపుతుంది. ప్రతీత్యసముత్పాదం ఇక్కడ ఆత్మ చేయవలసిన పని చేస్తుంది.

హ్యూమ్ కూడా సమూహాన్ని కలపడానికి సాదృశ్యాన్ని, కార్యకారణ సంబంధాన్ని ఆశ్రయించాడు. కానీ ఆయన దృష్టిలో కార్యకారణ సంబంధం మనస్సు అలవాటు వల్ల కల్పించుకునేది. విడివిడి అనుభూతుల మధ్య నిజమైన బంధమేదీ మనకు కనబడదు. మరి కట్టవలసిన తాడును కట్టే అలికే తయారు చేయాలా? 1740లో చేర్చిన అనుబంధంలో, అనుభూతులు మన ఆలోచనలో ఎలా ఏకమవుతాయో తాను వివరించలేకపోతున్నానని హ్యూమ్ స్వయంగా ఒప్పుకున్నాడు.

అంతమాత్రాన బౌద్ధుల సమాధానానికి ఆక్షేపణ లేదనుకోరాదు. గురువు మాటలు శిష్యుని ఆలోచనలకు కారణమవుతాయి. అయినా గురువు చూసినది శిష్యుడికి జ్ఞాపకం రాదు. కాబట్టి కారణత్వం ఒక్కటే చాలదని నైయాయికులు వాదించారు. ఒకే సంతానానికి, అంటే ఒకే చిత్తప్రవాహానికి, చెందిన క్షణాల మధ్యనే స్మృతి కలుగుతుందని బౌద్ధులు బదులిస్తారు. కానీ ఒక సంతానాన్ని మరొక దాని నుంచి వేరు చేసేది ఏమిటో చెప్పనిదే ఈ సమాధానం పూర్తి కాదు.

ఆత్మను నిరాకరించడంలో ఇద్దరిదీ ఒకే మార్గం. బంధాన్ని వాస్తవంగా అంగీకరించడంలో బౌద్ధులు హ్యూమ్ కంటే ముందున్నారు, కానీ ఆ బంధానికి హద్దు గీయవలసిన బాధ్యత వారి మీద మిగిలే ఉంది.

ప్రశ్న: మామిడిపండ్ల ఉదాహరణను హ్యూమ్ అంగీకరించగలడా? కారణాలతో చర్చించండి.