రూపాయి రూపాయికీ కారణం రాసే పట్టిక

విజయవాడలో ఒక పన్ను సలహాదారు వేసే పట్టికలను చూస్తే, లెక్క సరిపోవడం వేరు, సరిపోల్చడం వేరు అని తెలుస్తుంది. 2024-25 ఆర్థిక సంవత్సరానికి ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్ కోసం ఆవిడ వేసిన పట్టికను ఇక్కడ వరస ప్రకారం చూద్దాం.

ఆవిడ జూన్ సగం దాటాక గానీ ఫారం 26ఏఎస్ తెరవరు. జనవరి నుంచి మార్చి దాకా కోసిన పన్ను వివరాలను యజమాని, బ్యాంకు దాఖలు చేయడానికి మే 31 దాకా గడువుంది. అంతకన్నా ముందు చూస్తే ఆఖరి మూడు నెలలు ఖాళీగా కనిపించవచ్చు. అది తప్పో, ఆలస్యమో తేల్చుకోలేం.

ముందు జీతం సంగతి. లెక్చరర్ జీతం నెలకు లక్ష రూపాయలు. స్లిప్పుల ప్రకారం ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా నెలకు 5,900, జనవరి, ఫిబ్రవరి నెలల్లో 6,100 చొప్పున, మార్చిలో 6,200 కోశారు. మొత్తం 71,500. 26ఏఎస్‌లో సెక్షన్ 192 కింద ఉన్నది 65,300 మాత్రమే. తేడా 6,200. చాలామంది ఇక్కడే ఆగిపోయి కాలేజీకి ఫోన్ చేస్తారు. ఆవిడ మాత్రం పన్ను గడిని వదిలి, పక్కనున్న 'చెల్లించిన మొత్తం' గడిని చూస్తారు. అక్కడ 12 లక్షలకు బదులు 11 లక్షలే ఉంది. జీతం కూడా సరిగ్గా ఒక నెలది తగ్గిందంటే, మార్చి వరస మొత్తమే దాఖలులో జారిపోయిందన్నమాట. జీతం పూర్తిగా ఉండి పన్ను ఒక్కటే తగ్గి ఉంటే, అనుమానం పన్ను జమ మీదికి మళ్లేది. పక్క గడిలోని ఒక్క అంకె జబ్బు పేరు చెప్పేసింది.

కాలేజీ ఇచ్చిన ఫారం 16 సంగతేమిటంటే, దాని మొదటి భాగం కూడా 65,300 అనే చెబుతుంది. అది 26ఏఎస్ పుట్టిన దాఖలు నుంచే పుడుతుంది కాబట్టి రెండూ కలవడం రుజువు కాదు. వేరే సాక్ష్యం కావాలి. అందుకే ఆవిడ మార్చి స్లిప్పును, జీతం చేతికందిన బ్యాంకు ఖాతా వరసను పక్కపక్కన పెట్టారు. కోత పోగా జమ అయిన మొత్తం స్లిప్పుతో కలిసింది. అప్పుడు కాలేజీకి రాసిన ఉత్తరంలో "నాలుగో త్రైమాసికం 24క్యూలో మార్చి వరస చేర్చి సవరణ దాఖలు చేయండి" అని ఒక్క వాక్యమే ఉంది. ఎక్కడ దిద్దాలో అవతలివారు వెతుక్కోనక్కర్లేదు.

బ్యాంకు వడ్డీ దగ్గర పనితనం ఇంకా సూక్ష్మం. అక్కడ 26ఏఎస్, వడ్డీ ధ్రువపత్రం రెండూ ఒకే మాట చెబుతున్నాయి: ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ 64,000, పది శాతం చొప్పున కోసిన పన్ను 6,400. పాస్‌బుక్‌లో మాత్రం డిపాజిట్ వడ్డీగా జమ అయినది 37,800. ఆ అంకెనే ఆదాయంగా రాస్తే 26,200 రూపాయల ఆదాయం దాచినట్టవుతుంది. ఆవిడ ఆ తేడాను రెండు ముక్కలు చేశారు. మొదటి డిపాజిట్‌కు వచ్చిన వడ్డీ 42,000. అందులో 4,200 కోసి మిగతాది జమ చేశారు. రెండోది గడువు తీరాక గానీ చేతికి రాని డిపాజిట్. దాని మీద ఆ ఏడాది పేరుకున్న 22,000 పాస్‌బుక్‌లో వడ్డీగా కనిపించదు, పన్ను మాత్రం బ్యాంకు ఏటా కోస్తుంది. 4,200, 22,000 కలిపితే 26,200. తేడా పూర్తిగా విడిపోయింది.

ధ్రువపత్రం అడుగున సేవింగ్స్ ఖాతా వడ్డీ 3,150 ఉంది. దానికి మూలంలో పన్ను కోత లేదు కాబట్టి 26ఏఎస్‌లో అది కనబడదు. కనబడని దాన్నీ ఆవిడ పట్టికలో ఒక వరసగా నిలబెట్టారు.

కొత్త విధానంలో మొత్తం పన్ను 81,980 అయింది. స్లిప్పుల ప్రకారం జీతంలో కోసిన 71,500, బ్యాంకు కోసిన 6,400 తీసేస్తే కట్టాల్సింది 4,080. బ్యాంకు డిపాజిట్ వడ్డీలో కోసింది పది శాతం, సేవింగ్స్ వడ్డీలో అసలు కోయలేదు, ఈ లెక్చరర్ ఆఖరి శ్లాబు పదిహేను శాతం, పైన సెస్సు. బాకీకి మూలం అదే. అయితే రిటర్న్‌ను మాత్రం సవరణ 26ఏఎస్‌లో కనిపించాకే వేశారు. లేకపోతే 6,200 జమ దక్కక, నోటీసు వచ్చే ప్రమాదముంది.

ఈ పట్టికలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది రెండో డిపాజిట్ పక్కన ఉన్న చిన్న గమనిక: "ఈ 22,000 మీద 2024-25లో పన్ను లెక్కించాం, గడువు తీరిన ఏడాది మొత్తం వడ్డీలోంచి తీసేయాలి." ఆ గమనిక లేకపోతే, డబ్బు చేతికొచ్చిన సంవత్సరం అదే వడ్డీకి రెండోసారి పన్ను కట్టేస్తారు. అప్పుడు పట్టిక వేసేది ఇంకొకరైనా, ఆ తప్పు జరగకుండా ఆవిడ ముందే కాపు కాశారు.