అరపేజీలో అన్ని అల్గారిథంలకూ హద్దు

మూలకాలను రెండేసి చొప్పున పోల్చి వరసపెట్టే ఏ అల్గారిథమైనా, అధమ పరిస్థితిలో n log n స్థాయి కంటే తక్కువ పోలికలతో పని ముగించలేదు. ఇంకా ఎవరూ రాయని అల్గారిథంలకు కూడా వర్తించే ఈ మాటను పరీక్షలో అరపేజీలో నిరూపించవచ్చు. ఆ అరపేజీ కూర్పు ఎంతో ముచ్చటైనది.

మొదట n విలువను స్థిరపరచి, మూలకాలన్నీ వేర్వేరని అనుకుంటాం. అప్పుడు అల్గారిథంలో లూపులున్నా రికర్షన్ ఉన్నా, విప్పి పరిస్తే అది ఒక నిర్ణయ వృక్షం. ప్రతి కణుపు దగ్గరా "a < b?" వంటి ఒక ప్రశ్న ఉంటుంది. అవునంటే ఎడమకు, కాదంటే కుడికి వెళ్తాం. ఆకు చేరితే జవాబు ఖరారైనట్టే. అతి పొడవైన దారిలోని పోలికల సంఖ్యే చెట్టు ఎత్తు, h.

నిరూపణకు ప్రాణం తర్వాతి వాక్యంలో ఉంది: రెండు వేర్వేరు వరసల్లో వచ్చిన ఇన్‌పుట్‌లు ఒకే ఆకును చేరకూడదు. చేరితే రెండింటికీ ఒకే సర్దుబాటు జరుగుతుంది, వాటిలో ఒకటి తప్పక తప్పుగా మిగులుతుంది. వరసలు n! ఉన్నాయి కనుక ఆకులు కనీసం n! ఉండాలి. చాలామంది ఈ కారణం రాయకుండా "ఆకులు n!" అని తేల్చేస్తారు. అనవసరపు పోలికలు చేసే అల్గారిథంలో ఆకులు అంతకంటే ఎక్కువే ఉండవచ్చు. మనకు కావలసింది "కనీసం" అన్న మాటే. మెర్జ్ సార్ట్ చెట్టును గీసి లెక్కపెట్టినా ఆ ఒక్క అల్గారిథం సంగతే తేలుతుంది.

ఎత్తు h ఉన్న ద్విశాఖ వృక్షానికి 2^h కంటే ఎక్కువ ఆకులుండవు. కాబట్టి n! ≤ 2^h. మూడు మూలకాలకు ఆరు వరసలు. రెండు పోలికలతో నాలుగు ఆకులకు మించి రావు కనుక మూడో పోలిక తప్పదు.

చివరి అడుగుకు స్టిర్లింగ్ సూత్రం అక్కర్లేదు. n సరిసంఖ్య అనుకుందాం. n! లోని గుణకాల్లో పెద్ద సగం తీసుకుంటే, అవి n/2 ఉన్నాయి, ఒక్కొక్కటీ n/2 కంటే పెద్దది. మిగతా సగాన్ని వదిలేసినా n! ≥ (n/2)^(n/2). కనుక

h ≥ log2(n!) ≥ (n/2) log2(n/2)

ఇది n log n స్థాయే. సగం గుణకాలను పారేసినా స్థాయి చెక్కుచెదరకపోవడం ఈ అడుగులోని నేర్పు.

విలువలను చూసి సర్దే కౌంటింగ్ సార్ట్‌కు ఈ హద్దు వర్తించదు, ఎందుకంటే అది మూలకాలను పోల్చదు. హద్దు ఉన్నంత మాత్రాన దాన్ని అందుకోగలమనీ కాదు. 12 మూలకాలకు ఈ లెక్క 29 పోలికలంటుంది. 1965లో మార్క్ వెల్స్ కంప్యూటర్‌తో సమగ్రంగా వెతికి, నిజానికి 30 కావాలని తేల్చాడు. "ఇంతకంటే తక్కువ కుదరదు" అన్నంతవరకే ఈ నిరూపణ మాట ఇస్తుంది, ఆ మాటను పూర్తిగా నిలబెట్టుకుంటుంది.