ఎనిమిది పంక్తుల పనితనం

రోడ్డు వేయాలంటే మట్టి కావాలి. గుట్టలోంచో చెరువులోంచో తవ్వి తెచ్చుకోవాలి. రోడ్లు, పైపులైన్ల లాంటి పనుల కోసం మామూలు మట్టి తవ్వితే ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వం 2020 మార్చిలో ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ మినహాయింపు చెల్లదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ విషయం మీద ఒక లా విద్యార్థిని రాసిన సెమినార్ పేపర్ ఈమధ్య చదివాను. పేపర్ బాగానే ఉంది. కానీ నన్ను ఆపి మళ్లీ మళ్లీ చదివించింది మాత్రం అందులోని ఈ ఫుట్‌నోట్.

```
Environment Impact Assessment Notification, 2006,
S.O. 1533(E), Gazette of India, Extraordinary,
Part II, s. 3(ii) (Sept. 14, 2006), Appendix IX, item 6,
as substituted by S.O. 1224(E) (Mar. 28, 2020)
(under Environment (Protection) Act, 1986, ss. 3(1), 3(2)(v),
read with Environment (Protection) Rules, 1986, r. 5(4));
item 6 struck down, Noble M. Paikada v. Union of India
(Supreme Court, Mar. 21, 2024).
```

ఇదే సంగతికి మామూలుగా కనిపించే ఫుట్‌నోట్ ఎలా ఉంటుందంటే: "ఈఐఏ నోటిఫికేషన్ 2006, అపెండిక్స్ 9, ఐటమ్ 6." చూడ్డానికి తప్పేమీ లేనట్టే ఉంటుంది. అయితే దాన్ని పట్టుకుని 2006 సెప్టెంబరు 14 నాటి గెజిట్ తెరిస్తే అందులో అపెండిక్స్ 9 అనేదే ఉండదు. అది 2016 జనవరి 15 నాటి సవరణతో వచ్చి చేరింది, 2020లో మొత్తంగా మారిపోయింది. అంటే ఆ పొట్టి ఫుట్‌నోట్ పాఠకుణ్ణి లేని చోటికి పంపిస్తోంది. మన విద్యార్థిని మాత్రం మూల నోటిఫికేషన్‌ను చెప్పి, అందులోని భాగాన్ని చెప్పి, ఆ భాగం ఏ సవరణతో ఇప్పటి మాటల్లోకి వచ్చిందో చెప్పింది. పైగా "యాజ్ అమెండెడ్" అని వదిలెయ్యకుండా "యాజ్ సబ్‌స్టిట్యూటెడ్" అని రాసింది. ఒక మాట చేర్చడం వేరు, పాతది తీసేసి కొత్తది పెట్టడం వేరు. ఏది జరిగిందో సవరణ నోటిఫికేషనే చెబుతుంది. దాన్ని తెరిచి చదివినవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది.

ఇక ఆ నంబర్ల సంగతి. ఎస్.ఓ. అంటే స్టాట్యుటరీ ఆర్డర్. భారత గెజిట్‌లో పార్ట్ 2, సెక్షన్ 3, సబ్-సెక్షన్ (ii)లో వచ్చే ఉత్తర్వులకు, నోటిఫికేషన్లకు ఆ గుర్తు పెడతారు. సబ్-సెక్షన్ (i)లో వచ్చే సాధారణ నియమాలకు జి.ఎస్.ఆర్. అని ఉంటుంది. పార్లమెంటు చట్టాలు ఇదే పార్ట్ 2లో సెక్షన్ 1లో వస్తాయి. నంబర్ పక్కన బ్రాకెట్లో ఉన్న ఇ అక్షరం ఎక్స్‌ట్రా ఆర్డినరీ గెజిట్‌కి గుర్తు. ఈ నంబర్లు ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి 1533(ఇ) అని మాత్రమే రాస్తే అది ఏ ఏడాదిదైనా కావచ్చు. తేదీ తోడైతేనే నంబర్‌కి విలువ.

రూల్స్ కదా, జి.ఎస్.ఆర్. అయి ఉంటుందిలే అని ఊహించి రాసేవాళ్లకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. పర్యావరణ (పరిరక్షణ) రూల్స్ 1986 పేరుకి రూల్సే అయినా, 1986 నవంబరు 19న ఎస్.ఓ. 844(ఇ)గా వెలువడ్డాయి. కాబట్టి నంబర్‌ని అలవాటు మీద రాయకూడదు, గెజిట్ పేజీ చూసే రాయాలి. చట్టం పేరుకీ అదే వర్తిస్తుంది. చట్టం తనని తాను ఏమని పిలుచుకుందో సెక్షన్ 1లో ఉంటుంది. "పరిరక్షణ" చుట్టూ ఉన్న ఆ బ్రాకెట్లు పేరులో భాగమే, వాటిని తీసేసే హక్కు మనకు లేదు. ఆపైన కామా ఎక్కడ పెట్టాలి, "1986లో 29వ చట్టం" అన్న ముక్కని ఏ రూపంలో రాయాలి అన్నవి మీ కాలేజీ ఏ పద్ధతి పాటిస్తే ఆ పద్ధతి. బ్లూబుక్ ఒకలా అంటుంది, ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ ఇంకోలా అంటుంది. పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే పద్ధతి ఉంటే చాలు.

ఈ ఫుట్‌నోట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఐదో పంక్తిలో మొదలై ఆరో పంక్తిలో ముగిసే ఆ బ్రాకెట్. ప్రభుత్వం ఏ అధికారంతో ఆ నోటిఫికేషన్ ఇచ్చిందో అందులో ఉంది. చాలామంది దీన్ని అలంకారం అనుకుని వదిలేస్తారు. నిజానికి నోటిఫికేషన్ సాధారణంగా తన పీఠికలోనే తన అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకుంటుంది: ఫలానా చట్టం, ఫలానా సెక్షన్, దానితో కలిపి చదివితే ఫలానా రూల్. 2006 నాటి మూల నోటిఫికేషన్ రూల్ 5లోని సబ్-రూల్ (3), క్లాజ్ (డి)ని చూపించింది. అంటే ముసాయిదా ప్రకటించి, జనం అభ్యంతరాలు విని, ఆ తర్వాత తుది రూపం ఇచ్చారన్నమాట. 2020 నాటి సవరణ చూపించింది సబ్-రూల్ (4)ని. ప్రజాప్రయోజనం ఉందనుకుంటే అభ్యంతరాలు పిలవకుండానే ముందుకు వెళ్లొచ్చని ఆ సబ్-రూల్ అంటుంది.

కేసు నిలిచిందీ కూలిందీ అక్కడే. అభ్యంతరాలు వినకపోవడానికి ఆ ప్రజాప్రయోజనం ఏమిటో ప్రభుత్వం చెప్పలేదని, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజుల్లో రోడ్ల మట్టికి అంత తొందరేమిటో తెలియదని కోర్టు అంది. ఐటమ్ 6 మరీ విచ్చలవిడిగా ఉందన్న మాట కూడా తీర్పులో ఉంది కానీ, మొదటి దెబ్బ మాత్రం రూల్ 5(4) మీదే పడింది. ఆ విద్యార్థిని ఫుట్‌నోట్‌లో (3) బదులు (4) ఉండటం వల్ల, తీర్పు గురించి ఒక్క ముక్క చదవని పాఠకుడికి కూడా గొడవ ఎక్కడుందో ముందే కనిపిస్తుంది. మూల నోటిఫికేషన్ నుంచి 5(3)(డి)ని కాపీ చేసి సవరణకు అంటించి ఉంటే, వాదన పునాదే తప్పయ్యేది. ఫుట్‌నోట్ మాత్రం చూడ్డానికి అంతే అందంగా ఉండేది.

తేదీల దగ్గరికి వద్దాం. నోటిఫికేషన్ మీద రెండు తేదీలు ఉండొచ్చు: అధికారి సంతకం చేసిన తేదీ, గెజిట్‌లో ప్రచురించిన తేదీ. ఎక్కువసార్లు రెండూ ఒకటే. ఒకటి కానప్పుడు ఏమవుతుందో చూడాలంటే అదే ఏడాది వచ్చిన కొత్త ఈఐఏ ముసాయిదా చూడండి. ఎస్.ఓ. 1199(ఇ), దాని మీద తేదీ 2020 మార్చి 23. గెజిట్‌లో ప్రచురించింది ఏప్రిల్ 11న. అభ్యంతరాలకు ఇచ్చిన 60 రోజుల గడువు ప్రచురణ ఆధారంగానే నడుస్తుంది కాబట్టి మార్చి 23 నుంచి లెక్కేస్తే లెక్క తప్పుతుంది. రెండు తేదీలూ వేరైనప్పుడు రెండూ రాయాలి, ఏది ఏదో చెప్పి మరీ రాయాలి.

ఈ ముసాయిదా ఇంకో గోతిని కూడా చూపిస్తుంది. "ఈఐఏ నోటిఫికేషన్, 2020" అని అమల్లో ఉన్న చట్టంలా ఉదహరించిన పేపర్లు చాలానే చూశాను. గెజిట్‌లో అచ్చయింది, నంబర్ ఉంది, శీర్షిక ఉంది. అయినా అది ముసాయిదాయే, తుది రూపం దాల్చలేదు. పసిగట్టడం కష్టం కాదు. మొదట్లోనే అభ్యంతరాలు, సూచనలు పంపమని ఉంటే అది ముసాయిదా. అప్పుడు పేరుకు ముందు "డ్రాఫ్ట్" అని రాసి తీరాలి.

తేదీ కూడా సరిపోని రోజులు వచ్చాయి. పుల్వామా దాడి తర్వాత, 2019 ఫిబ్రవరి 16న, పాకిస్తాన్ నుంచి వచ్చే సరుకుల మీద 200 శాతం కస్టమ్స్ సుంకం వేస్తూ నోటిఫికేషన్ వచ్చింది. ఈ-గెజిట్‌లో అది ఎక్కింది రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లకి. అదే రోజు అంతకు ముందే అటారీ సరిహద్దులో దిగుమతి పత్రాలు దాఖలు చేసినవాళ్లకు ఆ సుంకం వర్తిస్తుందా? వర్తించదని జి.ఎస్. చత్తా రైస్ మిల్స్ కేసులో 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎలక్ట్రానిక్ గెజిట్ వచ్చాక ప్రచురణ గడియ కూడా లెక్కలోకి వస్తుందని చెప్పిన తీర్పు అది. ఇలాంటి అంశం మీద రాసేవాళ్లు ఫుట్‌నోట్‌లో సమయం కూడా వేయాలి. మిగతావాళ్లకి ఆ అవసరం రాదు. ఈ-గెజిట్ పేజీ పైభాగంలో `CG-DL-E-` అని మొదలై తేదీ అంకెలతో, వరుస నంబర్‌తో సాగే గుర్తింపు సంఖ్య ఉంటుంది. కొత్త నోటిఫికేషన్లకు అది కూడా జతచేస్తే, వెతికేవాళ్లు ఒక్క వెతుకులాటలో పేజీకి చేరతారు.

మన రాష్ట్రాల జీవోల దగ్గర పని ఇంకాస్త ఎక్కువ. జీవో నంబర్లు ఏటా, పైగా శాఖ శాఖకీ వేరుగా మొదలవుతాయి. కాబట్టి "జి.ఓ.ఎం.ఎస్. నం. 45" అని మాత్రమే రాస్తే ఏ శాఖదో, ఏ ఏడాదిదో ఎవరికీ తెలియదు. ఎం.ఎస్. అన్నదాన్ని ఆర్.టి.తో కలిపెయ్యడం కూడా కుదరదు, రెండూ వేర్వేరు వరుసలు. లా (ఎఫ్) డిపార్ట్‌మెంట్, 01-06-2016 అని చేర్చగానే అది ఏదో స్పష్టమవుతుంది: తెలంగాణ అడాప్టేషన్ ఆఫ్ లాస్ ఆర్డర్, 2016. విభజన చట్టంలోని సెక్షన్ 101 ఇచ్చిన అధికారంతో వచ్చిన ఉత్తర్వు అది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన దుకాణాలు, సంస్థల చట్టం, 1988 తెలంగాణలో ఈ రోజు ఆ రాష్ట్రం పేరుతో కనిపిస్తుందంటే కారణం అదే. 1988లో తెలంగాణ శాసనసభ లేదు కదా అని పాఠకుడు తికమక పడకుండా, చట్టం పేరు, సంవత్సరం, నంబర్ రాసి, పక్కన ఈ జీవోను పూర్తి వివరాలతో చూపించాలి. ఇక పేపర్ చర్చించేది 2010 నాటి సంఘటన అయితే, అప్పుడు అమల్లో ఉన్న పేరు ఆంధ్రప్రదేశ్‌దే. ఫుట్‌నోట్‌లో కూడా ఆ పేరే ఉండాలి.

చివరి రెండు పంక్తుల గురించి ఒక మాట మిగిలింది. ప్రభుత్వం ఐటమ్ 6ని 2023 ఆగస్టు 30న మళ్లీ సవరించింది, తీర్పు ఆ రూపాన్ని కూడా కొట్టేసింది. విద్యార్థిని ఆ సవరణను ఇదే ఫుట్‌నోట్‌లో ఇరికించలేదు. ఈ వాక్యంలో ఆమె మాట్లాడుతున్నది 2020 నాటి రూపం గురించి కాబట్టి, 2023 సవరణ తన వాక్యం దగ్గర తన ఫుట్‌నోట్‌లోనే వచ్చింది. కొట్టేసింది ఐటమ్ 6ని మాత్రమే, మొత్తం ఎస్.ఓ. 1224(ఇ)ని కాదు. ఆమె రాసింది కూడా సరిగ్గా అంతే.