చివరి నుంచి మొదటికి నడిచే లెక్క

కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్ 1979లో అచ్చేసిన బైనామియల్ ట్రీ పద్ధతి పనితనం చూడాలంటే రెండు మెట్ల ట్రీ చాలు. ఒక షేరు ధర ఇప్పుడు 100 రూపాయలు. ఒక్కో మెట్టులో అది 1.25 రెట్లు అవుతుంది, లేదా 0.8 వంతుకు పడుతుంది. వడ్డీ మెట్టుకు 5 శాతం, డివిడెండ్ లేదు. మన చేతిలో 100 రూపాయల స్ట్రైక్ ఉన్న అమెరికన్ పుట్ ఉంది. అంటే గడువులోగా ఎప్పుడైనా షేరును 100కి అమ్మేసే హక్కు.

ముందుగా బరువులు తేల్చాలి. పెరుగుదలకు 5/9, పతనానికి 4/9. ఇవి షేరు ఎటు పోతుందో చెప్పే జోస్యాలు కావు. 125నీ 80నీ ఈ బరువులతో కలిపితే సరిగ్గా 105 వస్తుంది, అంటే బ్యాంకు వడ్డీకి సమానం. వాటి పని అంతే.

గడువు నాటికి ధర 156.25, 100, 64లలో ఏదో ఒకటవుతుంది. పుట్‌కు విలువ ఉండేది చివరిదాని దగ్గరే: 36. అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి వస్తాం. 125 దగ్గర పుట్ విలువ సున్నా. 80 దగ్గర ఆగి చూడాలి. పుట్‌ను ఉంచుకుంటే 36లో 4/9 వంతు, అంటే 16. దాన్ని 1.05తో భాగిస్తే 15.24. ఇప్పుడే వాడేస్తే చేతికి 20. పద్ధతి మొత్తంలో నాకు బాగా నచ్చే వరుస ఇక్కడే పని చేస్తుంది:

```
V = max(K - S, (p*Vu + q*Vd)/(1+r))
```

పెద్దదైన 20 ఇక్కడ నిలిచిపోతుంది, 15.24 చెరిగిపోతుంది. ఈ రెంటికీ తేడా 4.76. అది ఎక్కడిదని వెతికితే, వచ్చే మెట్టులో అందే 100 రూపాయలకు నేటి విలువ 95.24. మిగిలింది అదే 4.76! ఇక్కడి నుంచి షేరు పెరిగినా 100 దాటదు కనుక, ఆగినందువల్ల కలిసొచ్చేది ఏమీ లేదు, వడ్డీ పోవడం తప్ప.

ఆ 20నే మొదటి మెట్టుకు తెస్తే అమెరికన్ పుట్ ధర 8.47. గడువు దాకా ఆగక తప్పని యూరోపియన్ పుట్‌కు 6.45 మాత్రమే. ముందే వాడుకునే హక్కు ఖరీదు 2.02.

కొత్తవాళ్లు చేసే పొరపాటు, లెక్కంతా వెనక్కి తెచ్చాక మొదట్లో ఒక్కసారే పోల్చడం. అక్కడ వెంటనే వాడితే వచ్చేది సున్నా, కాబట్టి 6.45 గెలిచి తప్పు బయటపడకుండా పోతుంది. పోలిక ప్రతి నోడ్ దగ్గరా జరగాలి.

రెండు మెట్లు మరీ మొరటు. మెట్లు పెంచుతూ పోతే ధర నిజానికి దగ్గరవుతుంది, కానీ నేరుగా కాదు. సరి సంఖ్యకూ బేసి సంఖ్యకూ మధ్య అటూ ఇటూ ఊగుతుంది. అందుకే చాలామంది పక్కపక్క మెట్ల సంఖ్యలతో వచ్చిన రెండు జవాబుల సగటు తీసుకుంటారు. కోడ్‌ను పరీక్షించడానికి అదే ట్రీలో పుట్‌కు బదులు కాల్ పెట్టి చూడండి. 125 దగ్గర కాల్‌ను వాడేస్తే 25, ఉంచుకుంటే 29.76. డివిడెండ్ లేనప్పుడు ఏ నోడ్‌లోనూ ముందే వాడటం గెలవదు. అమెరికన్, యూరోపియన్ కాల్ ధరల మధ్య పైసా తేడా కనిపించినా తప్పు కోడ్‌లోనే ఉంది.