శిఖరాలు పెరుగుతాయి, వైశాల్యం తరుగుతుంది

x/(1 + x⁶ sin²x) అనే ప్రమేయాన్ని సున్నా నుంచి అనంతం దాకా సమాకలిస్తే జవాబు పరిమితమా, కాదా? మొదటిసారి చూసినవాళ్లు ఎక్కువమంది కాదనే అంటారు. కారణం లేకపోలేదు. x విలువ π గుణిజం అయిన ప్రతిచోటా sin x సున్నా అవుతుంది, హారంలో 1 ఒక్కటే మిగులుతుంది, ప్రమేయం విలువ సరిగ్గా x అవుతుంది. అంటే ముందుకు పోయేకొద్దీ శిఖరాలు ఇంకా ఇంకా పొడవవుతాయి. అయినా ఈ సమాకలని అభిసరిస్తుంది.

దీన్ని తేల్చే పద్ధతి పాతదే. ప్రమేయం కింది వైశాల్యాన్ని ముక్కలుగా కోసి శ్రేణితో పోల్చడం 1742లో మెక్లారిన్ పుస్తకంలోనే ఉంది. తర్వాత కోషీ దాన్ని పరీక్షగా స్థిరపరిచాడు. కాకపోతే ఆ పరీక్ష తగ్గుతూ పోయే ప్రమేయాలకే పనికొస్తుంది. మనది ఎగిరెగిరి పడే ప్రమేయం. కాబట్టి ముక్కలు కోసి, ఒక్కో ముక్కకూ మనమే హద్దు వెయ్యాలి.

ముందుగా తేలికైన sin x / x చూద్దాం. nπ నుంచి (n+1)π దాకా ఉన్న ముక్కలో sin x గుర్తు మారదు, |sin x| కింది వైశాల్యం ఎప్పుడూ 2. హారంలోని x మాత్రం nπకీ (n+1)πకీ మధ్యనే ఉంటుంది. కాబట్టి |sin x|/x సమాకలని విలువ 2/((n+1)π) కన్నా తక్కువ కాదు, 2/(nπ) కన్నా ఎక్కువ కాదు. కింది హద్దుల మొత్తం హరాత్మక శ్రేణిలా అనంతానికి పోతుంది కనుక పరమ విలువలతో ఇది అపసరిస్తుంది. గుర్తులను ఉంచితే? అవే హద్దులు ముక్కలు ఒకదాని కన్నా ఒకటి చిన్నవవుతూ సున్నాకు చేరుతున్నాయని చెబుతాయి. గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారతాయి కనుక శ్రేణి అభిసరిస్తుంది. సున్నా నుంచి π దాకా ఉన్న మొదటి ముక్కను కలిపితే మొత్తం π/2.

ఇక్కడ చేసిన పని ఒక్కటే: ముక్కలో నెమ్మదిగా మారే xను దాని చివరి విలువల దగ్గర బిగించి, వేగంగా మారే sin xను ముట్టుకోకుండా అచ్చంగా సమాకలించాం. ఈ విడదీత తప్పితే లెక్క పాడవుతుంది.

మొదటి ప్రమేయంలో అదే తప్పు చేసి చూడండి. ముక్కలో గరిష్ఠ విలువను వెడల్పుతో గుణిస్తే పై హద్దు (n+1)π². దీని మొత్తం అనంతం. దీన్నిబట్టి సమాకలని అపసరిస్తుందని రాసే విద్యార్థులు ఉంటారు. పై హద్దు అనంతానికి పోతే తేలింది ఏమీ లేదు. అపసరణకు సాక్ష్యం కింది హద్దు ఒక్కటే.

సరైన దారి ఇది. లవంలోని xకు బదులు (n+1)π, హారంలోని x⁶కు బదులు (nπ)⁶ పెట్టాలి. రెండు మార్పులూ భిన్నాన్ని పెంచేవే. sin²xను అలాగే వదలాలి. ఇక మిగిలేది 1/(1 + k² sin²x) సమాకలని, k = (nπ)³. t = tan x అని ప్రతిక్షేపించి, ముక్కను రెండు సగాలుగా చేస్తే విలువ π/√(1 + k²) అని వస్తుంది. ఇది π/k కన్నా చిన్నది. కాబట్టి ముక్క విలువ (n+1)/(πn³) కన్నా తక్కువ, అంటే 2/(πn²)ను దాటదు. 1/n² శ్రేణి అభిసరిస్తుంది కనుక ఇదీ అభిసరిస్తుంది.

n = 10 దగ్గర శిఖరం ఎత్తు దాదాపు 31.4. కానీ ఇటూ అటూ 0.00003 జరిగేసరికే ఎత్తు సగానికి పడిపోతుంది. ఆ శిఖరం కింది వైశాల్యం సుమారు 0.003. కంప్యూటర్‌లో 0.01 అడుగులతో విలువలు తీసుకుంటే ఇంత సన్నని శిఖరం మధ్యలో జారిపోవచ్చు, లేదా ఒక బిందువు సరిగ్గా దాని మీద పడి వైశాల్యాన్ని వంద రెట్లు చూపించవచ్చు. అందుకే ఇక్కడ సంఖ్యల పట్టికను నమ్మలేం, హద్దును నమ్మాలి.

ముక్కల శ్రేణి నుంచి సమాకలనికి తిరిగి వెళ్లేటప్పుడూ ఒక జాగ్రత్త ఉంది. cos xను 2π పొడవు ముక్కలుగా కోస్తే ప్రతి ముక్కా సున్నా, శ్రేణి మొత్తమూ సున్నా. కానీ cos x సమాకలని అభిసరించదు, ముక్క మధ్యలో ఆగితే విలువ ఊగుతూనే ఉంటుంది. ప్రమేయం రుణాత్మకం కానప్పుడు ఈ బెడద లేదు. sin x / x విషయంలోనూ మధ్యలో ఆగినందువల్ల వచ్చే తేడా ఆ ముక్కను మించదు, ముక్కలేమో సున్నాకు పోతున్నాయి.

ఇక ఘాతాన్ని తగ్గించి x⁴ sin²x పెట్టి చూడండి. ఈసారి లవంలో nπ, హారంలో ((n+1)π)⁴ ఉంచి కింది హద్దు తీస్తే nπ²/√(1 + (n+1)⁴π⁴) వస్తుంది. n పెద్దదైతే ఇది దాదాపు 1/n, అంటే అపసరణ. ఘాతం p అయితే ముక్క n^(1 − p/2) తీరులో తగ్గుతుంది. కాబట్టి p విలువ 4 దాటితేనే అభిసరణ, సరిగ్గా 4 దగ్గర లేదు.